మైకు సార్‌కి బుధవారం ఫోను

హోటల్ మూతపడ్డాక ఆమెను పలకరించేవాళ్లే కరువయ్యారు. ఏళ్ల తరబడి ఆ హోటల్ దుప్పట్లు, తువ్వాళ్లు, దిండు గలీబులు చూసుకున్న సూపర్‌వైజరు. పొద్దుటి నుంచి గదులు సర్దే ఆడపిల్లలు "అక్కా, రెండు దుప్పట్లు తక్కువొచ్చాయి" అంటూ ఊపిరి తిరగనిచ్చేవారు కాదు. ఇప్పుడు ఒంటిగదిలో రోజంతా పంకా చప్పుడు వింటూ కూర్చుంటోంది. భర్త పోయి చాలా కాలమైంది. దూరాన ఉన్న చెల్లెలు పండక్కో పబ్బానికో ఫోన్ చేస్తుంది, అదీ పొయ్యి మీద ఏదో మాడిపోతోందంటూ మధ్యలోనే పెట్టేస్తుంది.

కొత్తగా తెరవబోయే ఒక హోటల్‌కి మనుషుల్ని కుదిర్చే కన్సల్టెన్సీ అమ్మాయి ఆ వారం కబురు చెప్పింది. ఆమె వెళ్లొచ్చిన ఇంటర్వ్యూ బాగానే జరిగిందట. ఇక ఆమె పని గురించి పాత మేనేజరుతో తనొక పది నిమిషాలు మాట్లాడితే సరిపోతుందట. ముందు ఆయన్ని అడిగి, సరేనంటే నంబరు, వీలైన వేళలు పంపమంది.

పాత మేనేజరంటే మైకు సార్. ఆయన మూడో అంతస్తులో కేకేస్తే కింద లాండ్రీలో ఇస్త్రీపెట్టె ఆగిపోయేది. ఆ పేరు పెట్టింది లాండ్రీవాళ్లే. అది ఆయనకూ తెలుసు. కసిరినా, కడుపులో పెట్టుకుని చూసే మనిషే. కానీ హోటల్ మూసిన రోజు నుంచి ఆమె ఆయన్ని ఒక్కసారైనా పలకరించలేదు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగడం?

చివరికి ధైర్యం చేసి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేస్తే ఆయనే కట్ చేశారు. కోపమొచ్చిందనుకుంది. మర్నాడంతా గింజుకుని, సాయంత్రం మెసేజ్ పెట్టింది.

"సార్, నమస్కారం. ఇన్నాళ్లూ పలకరించనందుకు క్షమించండి. కొత్త హోటల్లో లినెన్ సూపర్‌వైజర్ పనికి నన్ను చూస్తున్నారు. నా పని గురించి కన్సల్టెన్సీ అమ్మాయి మీతో పది నిమిషాలు మాట్లాడుతుందట. మంగళవారం పొద్దున పదకొండుకి గానీ, బుధవారం సాయంత్రం నాలుగింటికి గానీ, గురువారం మధ్యాహ్నం గానీ మీకు కుదురుతుందా? ఇవేవీ కాకపోతే మీకు వీలైన వేళ చెప్పండి. మీరు సరేనంటేనే నంబరిస్తాను. ఇష్టం లేకపోయినా ఏమీ అనుకోను."

జవాబు పొద్దున వచ్చింది.

"ఫోన్ కట్ చేశానని ఏమీ అనుకోకమ్మా. గొంతుకి ఆపరేషన్ అయింది. గట్టిగా మాట్లాడకూడదు, గుసగుసలాడటం అసలే కూడదు. రోజుకి కాసేపు, మెల్లగా మాట్లాడొచ్చన్నాడు డాక్టరు. బుధవారం నాలుగింటికి పెట్టు. ఆ రోజు పొద్దుటి నుంచీ నోరు కట్టేసుకుంటా."

మైకు సార్‌కి గొంతు పోవడమా? వెంటనే కన్సల్టెన్సీ అమ్మాయిని అడిగితే, ఆయన తన మెయిల్ నుంచి రాసి పంపినా చాలంది. అదే మాట సార్‌కి చేరవేసింది. ఆయన ఒప్పుకోలేదు. రాయడం ఎవరైనా రాస్తారు, నీ గురించి నా నోటితో చెప్పాలన్నారు. ఆ కొత్త ఉద్యోగం వివరాలు మాత్రం పంపమన్నారు. పంపింది. తన గొంతు సంగతి ఆ అమ్మాయికి ముందే చెప్పమంటే అదీ చెప్పింది.

బుధవారం నాలుగయింది. తనకు మోగని ఫోన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎక్కడో ఇద్దరు తన గురించే మాట్లాడుకుంటున్నారు. ఆ మాటల్లో తను ఎలా ఉందో తనకు తెలియదు.

చీకటి పడుతుండగా ఆ అమ్మాయి ఫోన్ చేసింది. అంతా చెప్పకూడదు గానీ అంటూనే, ఒక్క సంగతి చెప్పింది. మళ్లీ పనిలోకి తీసుకుంటారా అని అడిగితే ఆయన, "హోటలంటూ ఉంటే, మొదట ఆవిడకే కబురు పెడతాను" అన్నారట.

"గొంతు సంగతి అటుంచండి, ఎంత నెమ్మదైన మనిషండీ. పనిలో కూడా ఇలాగే ఉండేవారా?"

"అవునమ్మా," అంది ఆమె. "గట్టిగా ఒక మాట అని ఎరగరు."

ఫోన్ పెట్టాక ఆయన గొంతు వినాలనిపించింది. కానీ ఆయన ఆ రోజుకున్న మాటలన్నీ తన కోసమే వాడేశారు. మెసేజ్‌లోనే కృతజ్ఞతలు చెప్పింది.

"దానిదేముందమ్మా," అని వచ్చింది జవాబు. "మీ మేడం పోయాక ఇంట్లో మాట్లాడేది ఎవరితో గనక? దాచుకుని ఏం చేసుకుంటాను?"

సార్ భార్య పోయిన సంగతే ఆమెకు తెలియదు. ఆదివారం వస్తాను సార్, మీరు వినండి చాలు, నేనే మాట్లాడతాను అని రాసింది. రమ్మన్నారు.

వెళ్లింది. బొద్దుగా ఉండే మనిషి సగమయ్యారు. ఆయన తల ఊపుతుంటే ఆమె లాండ్రీవాళ్ల గురించి, పెళ్లయిపోయిన ఆడపిల్లల గురించి పొద్దువాలేదాకా చెబుతూనే ఉంది. లేవబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపి, మెల్లగా అన్నారు.

"ఉద్యోగమొస్తే చెప్పు."

తర్వాతి వారం ఉద్యోగం ఖాయమైంది. కొత్త హోటల్లో దుప్పట్లింకా మడత విప్పకుండా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. అక్కడి ఆడపిల్లలు ఆమెను మేడం అంటున్నారు. మధ్యాహ్నం భోజనాల వేళ ఒక్కతే గోడ పక్కన కూర్చుని, సార్‌కి రాసింది: "చేరాను సార్. ఇక్కడెవరూ అరవడం లేదు."