అష్రఫున్నీసా పట్టుకున్న సిక్ లీవు

తాండూరు బయట ఉన్న ఒక సిమెంటు ఫ్యాక్టరీలో అష్రఫున్నీసా టైం ఆఫీసు చూస్తుంది. ఎవరు ఎప్పుడు గేటు దాటారు, ఎవరు సెలవులో ఉన్నారు, ఆ సెలవు నిజమా, అబద్ధమా అన్నది కనిపెట్టడమే ఇరవై రెండేళ్లుగా ఆమె పని. భర్త పోయాక ఆ కుర్చీలోనే ఇద్దరు ఆడపిల్లల్ని పెంచింది. ఫ్యాక్టరీలో చిన్నాపెద్దా అందరూ అక్కా అన్నట్టు ఆపా అంటారు. ప్రేమతో కొంత, భయంతో కొంత.

భయానికి కారణాలున్నాయి. కాలు విరిగిందని నెలరోజులు సెలవు పెట్టినవాణ్ణి కొడంగల్‌లో పెళ్లి బరాత్ ముందు ఎగురుతుండగా పట్టుకుంది. ఒక సర్టిఫికెట్ మీద సంతకం చేసిన డాక్టరు ఆ తేదీకి ఏడాది ముందే చనిపోయాడని తేల్చింది. అప్పటినుంచి ఎవరైనా దగ్గుతూ వచ్చినా ముందు కళ్లలోకి చూసేది, తర్వాతే కాగితం అందుకునేది.

జూలై నెలలో ప్రేమ్‌సాగర్ కాగితం ఆమె బల్ల మీదికొచ్చింది.

ప్రేమ్‌సాగర్‌ది పూడూరు దగ్గరి ఊరు. కంట్రోల్ రూములో ఆపరేటరు. కొలిమి ఎంత వేడెక్కిందో, లోపల గాలి ఎట్లుందో తెరల మీద చూస్తూ, అలారం మోగగానే సరిదిద్దడం అతని పని. పదకొండేళ్లలో ఒక్క మాట పడలేదు. వికారాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడు ఇచ్చిన సర్టిఫికెట్ పంపాడు. నాలుగు వారాలు డ్యూటీకి పనికిరాడు, విశ్రాంతి అవసరం అని మాత్రమే ఉంది. జబ్బు పేరు లేదు.

అష్రఫున్నీసా తేదీ చూసింది. అంతకు రెండు రోజుల ముందే అతనికి మెమో ఇచ్చారు. అలారం మోగినా నాలుగు నిమిషాలపాటు కదలకుండా కూర్చున్నాడని, పక్క ఆపరేటరు పరుగెత్తుకొచ్చి సరిచేయకపోతే నష్టం జరిగేదని, సంజాయిషీ ఇవ్వమని. మెమో రాగానే మనసు బాగాలేదా? ఆమెకు లోపల్లోపల నవ్వొచ్చింది.

హెచ్చార్ మేనేజరు ప్రియదర్శినికీ అదే అనుమానం. హైదరాబాదు నుంచి వచ్చి ఏడాది కాలేదు. "ఆపా, మీరొకసారి చూసి రండి. ఆసుపత్రిలో ఏం జబ్బో కనుక్కోండి. ఇంటిదగ్గర ఏం చేస్తున్నాడో కూడా. ఇలాంటిది ఒకరికి ఒప్పుకుంటే రేపు సగం షిఫ్టు మనసు బాగాలేదంటుంది."

"ఒంటికి వచ్చిందైతే కనవడ్తది మేడం. మనసుకొస్తే ఎట్ల పట్టాలె?" అంది అష్రఫున్నీసా. అడిగినట్టు కాదు, కష్టమైన పని చేతికొచ్చినందుకు సంబరపడుతున్నట్టే అంది.

పొద్దున రైలెక్కి వికారాబాద్‌లో దిగింది. ఆసుపత్రిలో మానసిక వైద్యం గది ముందు బెంచీల మీద జనం. పంతులమ్మలా ఉన్న ఒకావిడ, ఇద్దరు రైతులు, కాలేజీ పిల్ల. అందరూ మామూలుగానే ఉన్నారు. ఎవరికి ఏముందో పోల్చుకుందామని చూసింది. తెలియలేదు.

నర్సు ఆమె చూపించిన కాగితం తీసుకోనే లేదు. "పేషెంటు రాసిస్తె తప్ప ఏం చెప్పమమ్మా. చట్టమే ఒప్పుకోదు. సర్టిఫికెట్ మాదా కాదా అన్నదొక్కటే కావాల్నంటె మీ కంపెనీ నుంచి లెటర్ రాయుండ్రి, ఆఫీసోళ్లు జవాబిస్తరు."

"దాసేటిదేముంది? మంచి జబ్బయితే చెప్పచ్చు గద."

"షుగరుంటె నీది నువ్వు అందరికి చెప్తవా?"

అష్రఫున్నీసాకు షుగరుంది. ఈమెకెట్లా తెలిసిందని ఒక్క క్షణం నర్సును కూడా అనుమానించింది.

అక్కణ్ణుంచి బస్సులో పూడూరు వెళ్లింది. భార్య నిరోషాను తాండూరు క్వార్టర్సులోనే ఉంచి, ప్రేమ్‌సాగర్ అక్క మార్త దగ్గరికి వచ్చాడని ఆమె ముందే ఆరా తీసింది. ఇల్లు అడిగితే పొలం చూపించారు. గట్టు మీద కంపచెట్టు వెనక నిలబడి చూసింది. కంది సాళ్ల మధ్య వంగి కలుపు తీస్తున్నాడు. ఒంట్లో ఏ లోపమూ కనబడలేదు. మార్త ఏదో అంటే నవ్వాడు కూడా.

అంతే చాలనుకుంది. ఫోనులో మూడు ఫొటోలు తీసింది. నాలుగోది తీస్తుండగా మార్త చూసింది.

"ఎవరమ్మా నువ్వు? దొంగలెక్క గట్ల దాసుకుంటున్నవేంది?"

ప్రేమ్‌సాగర్ తల ఎత్తాడు. గుర్తుపట్టాడు. కోపం రాలేదు, సిగ్గూ పడలేదు. అది ఆమెకు వింతగా తోచింది. ఎవరు దొరికినా రెంటిలో ఏదో ఒకటి చేస్తారు.

"ఆపా. నువ్వొస్తవని నాకెర్కనే."

"నాలుగు వారాలు పనికిరానోడివి, చేను పని చేస్తున్నవ్?"

"డాక్టరే చెప్పిండు. ఇంట్ల గోడలు సూసుకుంట పండుకోవద్దన్నడు. ఎండల తిరుగు, చేతులకు పని పెట్టు, తెరల ముంగట మాత్రం కూసోకన్నడు."

మార్త మధ్యలోకొచ్చింది. "వచ్చిన కొత్తల ఎట్లున్నడో చూస్తివా? కుక్కర్ కూతేస్తే చెవులు మూసుకొని మూలకు కూసున్నడు. వారం దినాలు నిద్రలేదు. గప్పుడు రాకపోతివి, ఫొటోలు తియ్యడానికి."

"ఆ దినం అలారం ఇనవడలేదా?" అష్రఫున్నీసా అడిగింది.

"ఇనవడ్డది. ఏం చెయ్యాల్నో గూడ ఎర్కనే. చెయ్యి లేవలే. నమ్మకపోతే నమ్మకు ఆపా. నన్ను నేనే నమ్మలే. మస్తు దినాలు నాటకం చేస్తున్ననేమో అనుకున్న," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా, బాగా తయారుచేసుకున్న మాటే అనుకుంది. ఫొటోలు ప్రియదర్శినికి ఇచ్చేసింది. సిక్ లీవులో ఉండి వేరే పని చేసుకుంటున్నాడని ప్రేమ్‌సాగర్‌కు ఛార్జిషీటు వెళ్లింది. విచారణకు బయటినుంచి ఒక వకీలును అధికారిగా పెట్టారు. కంపెనీ తరఫు సాక్షి అష్రఫున్నీసా.

సాక్షి అంటే ఎదుటిపక్షం అడ్డుప్రశ్నలు వేస్తుంది. ప్రేమ్‌సాగర్ తరఫున మాట్లాడేది యూనియన్ నాయకుడు భీమయ్య. ముసలి నక్క. పని ఎక్కువైందని అతను తప్పక అంటాడు. కాబట్టి, ఎక్కువ కాలేదని చూపించే కాగితాలు ముందే సిద్ధం చేసుకోవాలనుకుంది. హాజరు రాసే మస్టరు తీసింది. వారానికో సెలవు సరిగ్గానే ఉంది. ఈమధ్య ఆదివారాలన్నీ పని చేసినా బదులు సెలవులు తీసుకున్నట్టు రాసి ఉంది. హాయిగా ఉంది.

అలవాటు ఊరుకోనివ్వలేదు. కాగితం దొరికితే రెండో కాగితంతో పోల్చడం ఆమె నైజం. గేటు దగ్గర వేలిముద్ర పంచుల జాబితా తీసి, ఆ సెలవు తేదీల పక్కన పెట్టింది.

బదులు సెలవు అని రాసిన ప్రతి రోజూ ప్రేమ్‌సాగర్ గేటు దాటి లోపలికొచ్చాడు. ఉదయం ఆరుకు వచ్చి, రాత్రి పదికి బయటపడిన రోజులున్నాయి. ఇద్దరు ఆపరేటర్లు మానేసిన చోట కొత్తవాళ్లను తీసుకోలేదు. వరసగా పది రోజులకు మించి పని చేయించకూడదని చట్టం. ఆమె వేలు పెట్టి లెక్కించింది. డెబ్బై ఆరు రోజులు.

మళ్లీ లెక్కించింది. డెబ్బై ఆరే.

ఆ సెలవుల జాబితా నెలనెలా కంట్రోల్ రూము నుంచి వచ్చేది. పోల్చకుండా కింద సంతకం పెట్టింది ఎవరో కాదు, ఆమే. దగ్గేవాళ్ల కళ్లలోకి చూసిన మనిషి, ఆఫీసర్ల జాబితాను ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఉద్యోగం గురించి భయపడిందో, సిగ్గుపడిందో, ఆమెకే సరిగ్గా తెలియలేదు.

జాబితాలు ప్రియదర్శినికి చూపించింది.

ప్రియదర్శిని చాలాసేపు చూసింది. "ఇవి విచారణలో పెట్టాల్సిన అవసరం లేదు కదా ఆపా. ఛార్జి పొలం పని గురించి మాత్రమే."

"అడిగితే చెప్త మేడం."

"అతను మిమ్మల్ని పొలం దగ్గర ఏమన్నా బతిమాలాడా?"

అనుమానం తనవైపు తిరగడం అష్రఫున్నీసాకు అదే మొదటిసారి. "లేదు మేడం. బతిమాలేటోళ్లను నేను నమ్మ. బతిమాలితే గీ కాగితాలే తియ్యకపోదును," అంది.

విచారణ రోజు భీమయ్య ఆమె మీద కోపంతోనే వచ్చాడు. "ఎవరు పంపితే పోయిన్రు? చెట్టు ఎన్కకెళ్లి ఫొటోలు తీసుడు కంపెనీ రూలా?" అని అడిగాడు. రూలు కాదని ఒప్పుకుంది. "మా వాడు సెలవులు తీసుకున్నడా?" అని అడిగినప్పుడు, తీసుకున్నాడని ఆమె మస్టరు చూసి చదువుతుందనుకొని అతను అప్పటికే వాదన సిద్ధం చేసుకున్నాడు. ఆమె రెండు జాబితాలూ బల్ల మీద పెట్టింది.

"మస్టరుల ఉన్నయి. పంచుల లేవు. సంతకం నాదే, తప్పు గూడ నాదే."

భీమయ్య నమ్మలేదు. ఇందులో ఏం మతలబుందోనని కాగితాలు తిప్పి తిప్పి చూశాడు. ప్రేమ్‌సాగర్ మాత్రం చూడలేదు, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. చేతులతో పని చేయడం చికిత్సలో భాగమేనని డాక్టరు రాసిచ్చిన ఉత్తరాన్ని అతని అనుమతితో దాఖలు చేశారు. పది రోజులకు ఛార్జి రుజువు కాలేదని అధికారి రాశాడు. మెమో కూడా వెనక్కి తీసుకున్నారు.

తర్వాత లీవు రూలు తిరగరాయడానికి కూర్చున్నప్పుడు ప్రియదర్శిని పాత మాటే అంది. "ఒప్పుకుంటే అందరూ వాడుకుంటారు."

"వాడుకుంటరు కొందరు. దొంగ జ్వరాలు నేను ఎన్నో పట్టిన మేడం. అయినా జ్వరానికి సెలవు లేదని ఎన్నడన్న అన్నమా? కాగితం అసలుదో నకిలీదో నేను చూస్త. జబ్బు ఉందో లేదో డాక్టరు చూడాలె. నేను చెట్టు ఎన్కకెళ్లి చూస్తే తెల్వది."

కొత్త రూలులో మనసు జబ్బును ఒంటి జబ్బుతో సమానంగా రాశారు. జబ్బు పేరు టైం ఆఫీసుకు అక్కర్లేదు. అనుమానమొస్తే కంపెనీ డాక్టరు మాత్రమే చూస్తాడు, ఇళ్ల మీదికి ఎవరూ పోరు. తిరిగొచ్చినవాళ్లకు మొదటి ఆరువారాలు పగటి షిఫ్టే, డబుల్ డ్యూటీ లేదు. సెలవు లేకుండా ఎనిమిదో రోజు ఎవరైనా పంచ్ కొడితే ఆ పేరు నేరుగా ప్లాంటు పెద్దకు పోవాలన్నది అష్రఫున్నీసా పట్టుబట్టి రాయించింది. ఖాళీలు నింపుతామని కూడా రాశారు. ఒక పోస్టు నింపారు, ఇంకోటి ఇప్పటికీ ఖాళీయే. చూడకుండా సంతకం పెట్టినందుకు ఆమెకు హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు. కంట్రోల్ రూము పెద్దకు కూడా ఇచ్చారట, ఆమె మాత్రం చూడలేదు.

ప్రేమ్‌సాగర్ సెప్టెంబరులో వచ్చాడు. టైం ఆఫీసు ముందునుంచే పోతాడు. మునుపు సలాం ఆపా అనేవాడు, ఇప్పుడు అనడు.

ఒక ఆదివారం తాండూరు కూరగాయల బజారులో నిరోషా ఎదురుపడింది. అష్రఫున్నీసానే ముందు పలకరించింది. "ఎట్లున్నడు బిడ్డా?"

నిరోషా సంచీ చేతిమార్చుకొని, జవాబివ్వాలా వద్దా అన్నట్టు చూసింది. "నిద్రపోతుండు. గోలీలు నడుస్తున్నయి. మీరు సాక్ష్యంల నిజం చెప్పిన్రంట, మంచిదే ఆపా. కాని మా ఇంటికి మాత్రం రాకుండ్రి. మీరు గేటు దగ్గర కనవడ్డా ఆయన ఎన్కకు తిరిగి చూస్తుండు."

అష్రఫున్నీసా రానని చెప్పింది. టమాటలు ఏరుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడింది. నిరోషా మూల తిరిగేముందు ఒకసారి ఆగి, ఆమె వెనక రావడం లేదని చూసుకొని వెళ్లింది.