కాలక్రమంలో లేని రోజు

“మేడం, మా పాపకి పొద్దుట్నుంచి ఒళ్ళు కాలుతోంది. ఇది అదేనేమో.”

“ఏది? నువ్వు నిన్న టైపు చేసిందా?” అన్నారు డాక్టరమ్మ, నెత్తిమీదున్న కళ్ళజోడు కోసం బల్లంతా తడుముతూ. “పోయిన నెల కామెర్ల వ్యాసం దిద్దావు, పాప కళ్ళు పచ్చగా ఉన్నాయన్నావు. ఈసారి నీకు తెల్ల కాగితాలే ఇస్తాను.”

ఆవిడ మా ఆస్పత్రిలో పిల్లల డాక్టరు. ఆయాల దగ్గర్నుంచి పెద్ద డాక్టర్ల దాకా అందరికీ కళ్ళజోడు మేడం. డాక్టర్లు రాసిన వాటిని వైద్యపత్రికలు అడిగే తీరులోకి మార్చడం నా ఉద్యోగం. నేను చదివింది జీవశాస్త్రం. భయపడడానికి సరిపోయేంత తెలుసు, ధైర్యం తెచ్చుకునేంత తెలీదు.

పదవీ విరమణకు ముందు తన పేరుతో ఒక్క వ్యాసమైనా అచ్చు కావాలని ఆవిడ కోరిక. ఒక పసివాడి కేసు రాశారు. కవసాకి జబ్బు, పసిపిల్లల్లో రక్తనాళాలు వాచే జబ్బు. మామూలుగా జ్వరంతో పాటు కళ్ళూ పెదాలూ ఎర్రబడతాయి, ఒంటిమీద దద్దు వస్తుంది. వీడికి ఆ లక్షణాలు పూర్తిగా కనిపించలేదు. గుండె స్కానులో రక్తనాళం ఉబ్బినట్టు తేలాకే జబ్బేమిటో తెలిసింది. ఆవిడ అదంతా ఏకబిగిన, కథలా రాసుకుపోయారు. పత్రికవాళ్ళు తిప్పి పంపారు. రోగి వివరాలు, పరీక్షలో కనిపించినవి, కాలక్రమం, రోగనిర్ధారణ, చికిత్స, తర్వాతి పరిస్థితి, చివర రోగి మాట, ఇలా విభాగాలుగా రాయమన్నారు.

ఆవిడ రాతప్రతిలో మొదటి వాక్యం, “తల్లిదండ్రులు బిడ్డను ఆలస్యంగా తీసుకువచ్చారు.”

“కాలక్రమం మనం చేర్చుకున్న రోజు నుంచి కాదు మేడం, ఇంట్లో మొదటి లక్షణం కనిపించిన రోజు నుంచి ఉండాలి” అన్నాను. రోగికి మాటలు రావు గనక రోగి మాట తల్లి చెప్పాలి. గుండె స్కానుకి వాళ్ళు మళ్ళీ వచ్చిన రోజున కూర్చోబెట్టి అడిగాం.

ముందు ఆ తల్లి అత్తగారు అందుకుంది. “మా కోడలికి అన్నీ నిదానమేనమ్మా. నడక నిదానం, వంట నిదానం. బిడ్డకి జ్వరమొచ్చినా నిదానమే. ఆలస్యం చేశామని మీ కాగితంలోనూ రాశారుగా.”

ఆమె అన్న కాగితం, బిడ్డను ఇంటికి పంపేటప్పుడు మేడం రాసిచ్చిన డిశ్చార్జి సమ్మరీ. కోడలు తల వంచుకుంది. మొదట్లో ఏం చూశావని అడిగాను.

“జ్వరమండీ. నాలుగో రోజుకి భుజం మీద టీకా మచ్చ ఎర్రగా పొంగింది. ఇక్కడికే తెచ్చాను. మేడమే చూశారు. టీకా మచ్చ అలాగే ఉంటుందిలే అని సిరప్ రాశారు. ఆ రోజు జనం చాలామంది ఉన్నారు లెండి.”

తప్పు పడుతున్నట్టు కాదు, డాక్టరమ్మను వెనకేసుకొస్తున్నట్టు చెప్పింది.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడవడం మొదలుపెట్టారు. ఎంతకీ ఆపలేదు. ఆ మచ్చ ఎర్రబడడం ఈ జబ్బుకు గుర్తని చిన్న డాక్టర్లకు పాఠం చెప్పేది ఆవిడే. జ్వరం మొదలైన పది రోజుల్లోపు మందు ఎక్కిస్తే గుండెకు ముప్పు బాగా తగ్గుతుంది. బిడ్డ మళ్ళీ వచ్చేసరికి ఆ గడువు దాటిపోయింది.

వాళ్ళు స్కానుకి వెళ్ళాక, “రాయి” అన్నారు డాక్టరమ్మ. “నాలుగో రోజు, జ్వరం, టీకా మచ్చ ఎరుపు. చూసిన డాక్టరు గుర్తించలేదు.”

రాశాను.

“ఆ డాక్టరు ఈ వ్యాసకర్తేనని వ్యాసంలో చర్చ భాగంలో రాయి. మొదటి వాక్యం కొట్టెయ్యి. ఆలస్యమైంది బిడ్డను తేవడంలో కాదు, నిర్ధారణలో.”

డిశ్చార్జి సమ్మరీ కూడా సరిచేసి సంతకం పెట్టారు. వాళ్ళు తిరిగొచ్చాక, వ్యాసం అచ్చుకు అంగీకారపత్రం మీద తల్లి సంతకం తీసుకునే ముందు, అత్తగారికీ వినబడేలా అంతా తెలుగులో చదివి వినిపించారు.

“అయితే ఇది ముందే తెచ్చిందా?” అంది అత్తగారు.

“తెచ్చిందమ్మా. నేనే పట్టించుకోలేదు.”

అత్తగారు మనవణ్ణి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది. కోడలు మాత్రం, “అప్పుడే మందు పడుంటే గుండె బాగుండేదాండీ?” అని అడిగింది.

“కచ్చితంగా చెప్పలేను తల్లీ. బాగుండడానికే అవకాశం ఎక్కువ.”

వ్యాసం ఆవిడ విరమణ తర్వాత అచ్చయింది. ప్రతి తీసుకెళ్ళి ఇచ్చాను. పేరు చూసుకుని మురిసిపోతారనుకున్నాను. కాలక్రమం ఉన్న పేజీ తెరిచి, కాసేపు చూసి, మూసేశారు. ఆ బిడ్డ రోజూ మాత్ర వేసుకుంటున్నాడు. రక్తనాళం ఉబ్బు ఇంకా పూర్తిగా తగ్గలేదు.

పాపకి ఒళ్ళు కాలుతోందని నేను మేడం దగ్గరికి పరుగెత్తింది, ఆ తల్లి మాటలు టైపు చేసిన మర్నాడే. మా పాపది ఆ రోజు ఉత్త జలుబే. కానీ ఆవిడ పాపను ఆసాంతం చూశారు, టీకా మచ్చ రెండుసార్లు. పాపను నా ఒళ్ళో పెట్టి పంపిస్తూ అన్నారు. “జబ్బు పేరు నువ్వు మోసుకురాకు. ముందు ఏం కనిపించింది, తర్వాత ఏమొచ్చింది, వరసగా చెప్పు. అది మామూలేలే అని డాక్టరు అంటే, మర్యాదగానే, ఇంకోసారి చెప్పు. ఆ అమ్మాయి నాకు ఒక్కసారే చెప్పింది.”

ఇప్పుడు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా రెండోసారి కూడా చెబుతాను.