పన్నెండు నంబర్ల స్టవ్వు

చిక్కడపల్లిలో మాది గిన్నెల దుకాణం. ధర అడిగిన మనిషికి ధర చెప్పకుండా ముందు స్టూలు చూపించే ఇంట్లో పుట్టాను. కూర్చున్నవాడు ఉత్త చేతులతో లేవడానికి మొహమాటపడతాడని మా బాపు సిద్ధాంతం. నాకు మాటలకన్నా ముందు బేరం వచ్చిందట. అమ్మ రెండు ముద్దలు తినమంటే ఒకటిన్నరకు ఒప్పించేవాడినని చుట్టాలు ఇప్పటికీ చెబుతారు. అలాంటివాడి నెత్తిన, ఏమీ తెలియని జనానికి పంపు స్టవ్వు వెలిగించడం నేర్పే కాగితం రాసే పని పడింది.

ఉద్యమం వల్ల కాలేజీలు మూతపడ్డ ఏడాది అది. ఊరేగింపులు లేని రోజుల్లో దుకాణంలో కూర్చుని ఈగలకు కూడా బేరం చెబుతుండేవాణ్ని. బాపు అప్పుడే ఒక కొత్త స్టవ్వు కంపెనీ ఏజెన్సీ సంపాదించాడు. అశోక్‌నగర్‌లో కొత్తగా కాపురాలు పెట్టినవాళ్ళు, బొగ్గుల కుంపటితో విసిగినవాళ్ళు సంతోషంగా కొనుక్కుపోయేవాళ్ళు. వారం తిరక్కుండా అంతకు రెట్టింపు కోపంతో తెచ్చి గల్లాపెట్టె పక్కన పెట్టేవాళ్ళు. "ఇది పాడుది" అన్నది అందరి ఫిర్యాదు. బాపు వాటిని తీసుకుని కంపెనీకి తిరగ్గొట్టేవాడు.

చివరికి కంపెనీ మనిషి మద్రాసు నుంచి దిగాడు. టై కట్టుకున్న తెలుగాయన. వాపసు వచ్చి ఇంకా దుకాణంలోనే ఉన్న స్టవ్వులన్నీ వరుసగా పెట్టించి ఒక్కొక్కటీ వెలిగించాడు. అన్నీ నీలంగా, బుద్ధిగా మండాయి.

"స్టవ్వులకేం రోగం లేదు సేఠ్‌గారూ. కొన్నవాళ్ళకు వెలిగించడం రాదు, అమ్మినవాళ్ళు చెప్పరు. పెట్టెలో ఉన్న ఇంగ్లీషు కాగితం ఎవరూ చదవరు. తెలుగులో ఒకటి రాయించండి. వచ్చే నెల వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఏజెన్సీ నారాయణగూడ చౌరస్తాలో ఆయనకు ఇచ్చేస్తాం."

నారాయణగూడ ఆయన పేరు వింటే బాపుకు అన్నం దిగేది కాదు. మా గిరాకీని గుమ్మంలో నుంచే చేయి పట్టి లాక్కుపోతాడని ఆయన మీద అభియోగం. బాపు మాత్రం ఆ పని మర్యాదగా మోచేయి పట్టి చేసేవాడు. ఏజెన్సీ పోవడం ఒక ఎత్తు, అది అక్కడికి పోవడం ఇంకో ఎత్తు.

"బీయే చదువుతున్నవు గదా, రాయి" అన్నాడు నాతో.

రాశాను. పైన "ముందుగా ఉండవలసినవి" అని శీర్షిక. దాని కింద వడకట్టిన కిరోసిన్, గరాటు, స్పిరిట్, అగ్గిపెట్టె, స్టవ్వు పిన్ను, ఊగని బల్ల. తర్వాత నంబర్లు. చివర "ఇబ్బందులు, నివారణ". మంట పచ్చగా లేచి పొగ వస్తే ఏం చేయాలి, మంట వంకరగా వస్తే రంధ్రంలో పిన్ను ఎలా పెట్టాలి, పంపు వదులుగా ఆడితే లోపలి తోలు వాషరుకు నూనె చుక్క ఎలా వేయాలి, ఇలా.

నిజానికి స్టవ్వు వెలిగించి ఆర్పడానికి తొమ్మిది నంబర్లు చాలు. నేను పన్నెండు రాశాను. బాపు ఎలాగూ తగ్గించమంటాడు, ముందే మూడు కలిపి చెబితే అసలు ధర దగ్గర ఆగవచ్చు. అందుకని మొదట్లోనే "తూర్పు ముఖంగా కూర్చోండి", "చేతులు కడుక్కోండి", "స్టవ్వును ఒకసారి తేరిపార చూడండి" అని చేర్చాను. గుడ్డల దుకాణంవాడు బేరం కోసం మీటరు ధర మీద ముందే కలుపుకునేదాన్నే నేను నంబర్ల మీద కలుపుకున్నాను.

బాపు అప్పుడు చదవలేదు. కాగితం ఉంటే చాలనుకుని, కార్బన్ పెట్టి రాసిన ప్రతుల్ని పెట్టెల్లో వేయించాడు. చదివింది గిరాకీ.

మొదట అశోక్‌నగర్ ఆవిడ. కోస్తా నుంచి వచ్చిన గుమస్తాగారి భార్య, ఆయన కూడా వెంట ఉన్నాడు. పెట్టె విప్పించి, స్టవ్వు పక్కన పెట్టి, కాగితం మొదటి అక్షరం నుంచి చదివింది.

"గరాటు ఏదండీ?"

"గరాటు యాడిదమ్మా, స్టవ్వు కదా తీసుకుంటున్నరు" అన్నాడు బాపు.

"ఉండవలసినవి అని మీరే రాశారుగా. గరాటు, పిన్ను, స్పిరిట్ సీసా. బల్ల ఇంటికి పంపిస్తారా, మేమే పట్టుకెళ్ళాలా?"

గరాటు, పిన్ను ఊరికే ఇచ్చి, బల్ల మాత్రం ఇవ్వకుండా బయటపడ్డాడు బాపు. ఆవిడ భర్త అంతవరకూ చివరి భాగం చదువుతున్నాడు.

"పొగ వస్తుందని మీరే ఒప్పుకున్నారు. మంట వంకర పోతుందట. పంపు వదులవుతుందట. ఇన్ని లోపాలు చెప్పి పూర్తి ధర ఎలా అడుగుతున్నారు? ఇంకో మాట. ఇక్కడ 'బర్నరు తగినంత వేడెక్కాక' అని ఉంది. తగినంత అంటే ఎంతండీ?"

"తగినంత అంటే... తగినంత" అన్నాను.

"అది తెలిసినవాడికి ఈ కాగితమెందుకు నాయనా?"

వాళ్ళు స్టవ్వు పట్టుకుని వెళ్ళాక బాపు కళ్ళజోడు పెట్టుకుని కాగితం మొత్తం చదివాడు. మొదటి భాగం మీద అడ్డంగా గీత కొట్టాడు. చివరి భాగం మీద రెండు గీతలు కొట్టాడు.

"మన మాలు మనమే బద్నాం చేసుకుంటమా? తీసెయ్. ఇగ ఇదేంది, పన్నెండా? పొయ్యి ముట్టియ్యనీకి పన్నెండు నంబర్లా?"

"పది చేస్త బాపు."

"నాలుగు."

"నాలుగుకు గిట్టదు."

"నీ ఇంట్ల నుంచి తెస్తున్నవా గిట్టకపోనీకి? అక్షరాలే గదా."

"తొమ్మిది. ఇంక తగ్గదు."

"పో, నారాయణగూడ ఆయనతోని రాయించుకుంట." కళ్ళజోడు తీసి లేవబోయాడు. గిరాకీ మా దగ్గర ఆడే నాటకం అది, నా మీదే ప్రయోగించాడు. "నీ మాట కాదు, నా మాట కాదు. ఆరు."

నాలుగన్నవాణ్ని ఆరుకు లాగానన్న గర్వంలో నేను చేయి కలిపేశాను. ఏ ఆరు ఉంచాలో బాపు ఇష్టం. తూర్పు ముఖం ఉంచాడు, మంచి మాట కాబట్టి. చేతులు కడుక్కోవడం ఉంచాడు, శుభ్రం కాబట్టి. నూనె పొయ్యడం, పంపు కొట్టడం, అగ్గిపుల్ల గీయడం, గిన్నె పెట్టడం. స్పిరిట్ పోయింది, అదనపు ఖర్చని జనం బెదురుతారట. లోపలి గాలి ఆపడానికి, వదలడానికి ఉన్న మర సంగతి మొత్తం పోయింది, మర అంటే రిపేరు గుర్తొస్తుందట. ఆ ఆరింటినీ నారాయణగూడ ప్రెస్సులో గులాబీ కాగితం మీద అచ్చు వేయించాడు. చుట్టూ పూల అంచు కూడా పెట్టించాడు.

నెల తిరిగేసరికి గల్లాపెట్టె పక్కన స్టవ్వుల వరుస వీధి గుమ్మం దాకా వచ్చింది. దాని వెనకాలే కంపెనీ మనిషి వచ్చాడు. సరిగ్గా అదే వేళకు అశోక్‌నగర్ దంపతులు కూడా తమ స్టవ్వు మోసుకుని దిగారు. కంపెనీ మనిషి గులాబీ కాగితం చదివి బాపు ముందు పెట్టాడు.

"దీన్ని చూసి ఎవరైనా వెలిగించారా? జన్మలో స్టవ్వు ముట్టనివాళ్ళు ఒకరు కావాలి. ఇప్పుడే చూద్దాం" అన్నాడు.

"మా వాడున్నడు" అన్నాడు బాపు.

"రాసినవాడు పనికిరాడు. చెప్పనిది కూడా చేసేస్తాడు. సేఠ్‌గారూ, మీరెప్పుడైనా వెలిగించారా?"

"ఎన్ని అమ్మిన అనుకున్నరు."

"అమ్మారు సరే. వెలిగించారా?"

బాపు తలపాగా సర్దుకున్నాడు. ఇంట్లో ఆయన స్టవ్వుకు అంత దగ్గరగా వెళ్ళింది అన్నం ఎప్పుడవుతుందని అడగడానికే. ఇప్పుడు లేవకపోతే ఏజెన్సీ చౌరస్తా దాటుతుంది. చేతులు కడుక్కుని తూర్పు ముఖంగా కూర్చున్నాడు. మా దుకాణం పడమటి ముఖం కాబట్టి, అలా కూర్చుంటే గిరాకీకి వీపు, గోడకున్న క్యాలెండర్లకు మొహం అయింది. నూనె పోశాడు. పంపు కొట్టాడు. ఇంకా కొట్టాడు. పంపు బుస్సుబుస్సుమంటోంది గానీ పైకి ఏమీ రావడం లేదు.

"గాలి యాడికి పోతున్నదిరా?" అన్నాడు, గోడను అడుగుతున్నట్టు.

"మర తెరిచుంది బాపు. బిగించుడు తొమ్మిదో నంబరు. కొట్టేసినవ్."

"ఇటియ్యి ఆ నంబరు."

నాలోని దుకాణందారు మేలుకున్నాడు. "ఉత్తగ ఎట్లిస్త? 'ముందుగా ఉండవలసినవి' మళ్ళ పెడతవా?"

"తండ్రితోని బేరమా?"

"నువ్వే నేర్పినవ్."

"పెడ్త తియ్యి."

మర బిగించి కసిగా పంపు కొట్టి అగ్గిపుల్ల గీశాడు. బర్నరు వేడెక్కలేదు కాబట్టి కిరోసిన్ ఆవిరి కాకుండా నూనెగానే పైకి చిమ్మింది. మంట మూరెడు పచ్చగా లేచింది. నల్లటి పొగకు క్యాలెండర్లలో దేవుళ్ళంతా ఒకే రంగుకు వచ్చారు. కంపెనీ మనిషి ఒంగి మర తిప్పి గాలి వదిలాడు. మంట కూలబడి ఆరిపోయింది. బాపు మీసం ఒక వైపు కొద్దిగా పొట్టిదైంది.

"ఇగ ఇప్పుడేంది?" అని గులాబీ కాగితం తిప్పి చూశాడు. వెనక ఖాళీ.

"పొగ వస్తే ఏం చెయ్యాలో చివరి భాగంల ఉండె బాపు. రెండు గీతలు కొట్టినవ్."

"ఆ భాగం గూడ ఇయ్యి. మొత్తం ఇయ్యి. ఏమడుగుతవో అడుగు."

"ఇగ నుంచి ఈ కాగితం మీద బేరం ఉండొద్దు."

గుమస్తాగారు మధ్యలో గొంతు సవరించుకున్నాడు. "ఆ తగినంత సంగతి కూడా చూడు నాయనా."

అక్కడే స్టూలు మీద కూర్చుని పన్నెండు నంబర్లూ మళ్ళీ రాశాను. రాసిన ప్రతి వాక్యాన్నీ బాపు చేసి చూపించాలి. ఆయన చేయి ఎక్కడ ఆగితే అక్కడ నా వాక్యం తప్పు. స్టవ్వు చల్లారేదాకా ఆగండి. మర తెరవండి. బర్నరు కింది చిన్న గిన్నె నిండా స్పిరిట్ పోసి అంటించండి. "తగినంత వేడెక్కాక" కొట్టేసి "స్పిరిట్ మంట చిన్నదై ఆరిపోతుండగా" అని రాశాను, అది కంటికి కనబడుతుంది కాబట్టి. అప్పుడు మర బిగించండి. కొద్దిగా పంపు కొట్టండి.

బాపు కొట్టాడు. స్టవ్వు ఒకసారి గుర్రుమని, నీలం రేకులు విప్పింది. ఆయన వెనక్కి తిరిగి గిరాకీ వైపు చూశాడు. అంతకుముందు అన్ని స్టవ్వులు అమ్మినా ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు.

"ముందుగా ఉండవలసినవి" కింద "ఇవి మీ ఇంట్లో ఉండాలి, పెట్టెలో రావు" అని చేర్చాను. ఆవిడ చదివి, "ఈ ముక్క ముందే రాస్తే బాగుండేది, మా గరాటు మాత్రం తిరిగివ్వం" అంది. "ఇబ్బందులు" అన్న శీర్షిక తీసేసి "స్టవ్వు పాడు కాలేదు, ఇలా చేసి చూడండి" అని పెట్టాను. గుమస్తాగారు దాంట్లో తగ్గింపు అడిగే సందు కోసం రెండుసార్లు చదివి, దొరక్క, స్టవ్వు ఇంటికి పట్టుకెళ్ళాడు.

కంపెనీ మనిషి కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "ఏజెన్సీ మీదే. దీన్ని మిగతా ఊళ్ళకు కూడా కంపెనీయే అచ్చు వేయిస్తుంది. కాకపోతే పన్నెండు ఎక్కువ. ఈ తూర్పు ముఖం, చేతులు కడుక్కోవడం, తేరిపార చూడటం తీసేస్తే తొమ్మిదిలో అయిపోతుంది. అంతే కదా?"

నేను కలిపిన మూడింటినీ వేలు పెట్టి చూపించాడు. అవునని చెప్పబోయాను. బాపు నా మోచేయి మర్యాదగా పట్టుకున్నాడు.

"ఒక్కటి గూడ తగ్గదు సార్" అన్నాడు, నీలం మంట మీద నుంచి చూపు తిప్పకుండా. "నేను తూర్పుకు కూసుంటేనే అంటుకున్నది. మా దుకాణంల గిదొక్కటే ఫిక్స్‌డ్ రేటు."