ఫోటో చూసి పాస్ చెప్పను

నాకు కోపం ఎక్కువ. ఇది నా అత్తారింటివాళ్ళు చెప్పిన మాట కాదు, నేనే చెప్పుకుంటున్నాను. అచ్యుతాపురంలో పెద్ద పెద్ద ట్యాంకులు, నిర్మాణాలు తయారుచేసే ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో వెల్డింగ్ చేస్తాను. కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పుతాను కూడా. ఆడమనిషి చేతిలో వెల్డింగ్ రాడ్డు పట్టుకునే హోల్డరు చూసి నవ్వినవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళ నవ్వు ఆగిపోవడం కూడా చూశాను. కాబట్టి కోపంతో పాటు కాస్త గర్వం కూడా ఉందని ముందే ఒప్పేసుకుంటే ఒక పని అయిపోతుంది.

ఒకసారి ప్లేటుని నిలువుగా పెట్టి కింద నుంచి పైకి ఎలా వెల్డ్ చేయాలో చూపిస్తుంటే మా ఆయన అక్క, అంటే మా వదిన, అడిగిందని షాపువాళ్ళ అనుమతితో ఫోన్‌లో వీడియో తీయించిపెట్టుకున్నాను. వదిన దాన్ని ఇన్‌స్టాలో పెట్టింది. ఎవరు చూస్తారులే అనుకున్నాను. చూశారు. శ్రీకాకుళం నుంచి, కాకినాడ నుంచి, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళ నుంచి కూడా మెసేజీలు మొదలయ్యాయి.

మొదట్లో ఎంత మురిసిపోయానో చెప్పలేను. ముక్కూముఖం తెలియని మనుషులు నన్ను 'అక్కా', 'మేడమ్' అంటూ అడుగుతుంటే ఆ సుఖమే వేరు. ఒకడు ఏ రాడ్డు వాడాలి అంటాడు. ఒకడు వాళ్ళ తమ్ముడికి ఉద్యోగం చూడమంటాడు. ఇంకొకడు గాగుల్స్ లేకుండా వెల్డింగ్ చూసి కళ్ళు మండుతున్నాయి, బంగాళదుంప ముక్క పెట్టుకోనా అంటాడు. అందరికీ పేజీలకి పేజీలు రాసేదాన్ని. స్టవ్ మీద పప్పు అడుగంటేది. మా ఆయన ఏమీ అనకుండా అడుగంటిన పప్పే తినేవాడు, అది చూస్తే ఇంకా కోపం వచ్చేది.

జవాబు ఆలస్యమైతే మాత్రం స్వరం మారిపోయేది. 'చూసి కూడా రిప్లై ఇవ్వరా' అని ఒకడు. ఎవరో ఒక ఫోటో పంపి 'బాగుందా' అని అడిగితే 'బాగానే ఉంది' అని తోచింది రాసి పడేశాను. తర్వాత ఆ ముక్క నన్ను వదల్లేదు. పైన చేప పొలుసుల్లా ఎంత అందంగా పేర్చినా వెల్డింగ్ లోపల బోలుగా ఉండొచ్చు. రోజూ కొత్తవాళ్ళకి ఈ మాటే చెప్పేదాన్ని నేను, ఫోన్‌లో మాత్రం ఫోటో చూసి పాస్ చేసేస్తున్నాను.

వదిన ఒక ఆసుపత్రిలో ఎంక్వయిరీ కౌంటర్‌లో కూర్చుంటుంది. తెలియని మనుషులకి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జవాబు చెప్పడమే ఆవిడ ఉద్యోగం. ఒక ఆదివారం చర్చి నుంచి తిన్నగా దువ్వాడలో మా ఇంటికి వచ్చింది. నేను ఫోన్ మీద విరుచుకుపడుతున్నాను.

"ఏటే, ఎవుర్ని తిడతన్నావు?" అంది.

"నానేటి సెయ్యను వదినా? ఒకడికి రాత్తే పది మంది అడుగుతన్నారు. రాయకపోతే పాపం అనిపిత్తాది."

"పాపం అనీసి అందరికీ కొత్తగా వొండి పెడతావేటి? కౌంటర్‌లో నాను అలగే సేత్తే మద్దేనానికి నోరు పడిపోద్ది. అందరూ అడిగీది అయ్యే నాలుగు మాటలు. ఆ నాలుక్కీ ఒక్కసారి బాగా ఆలోసించి రాసుకో. పలకరించు. నువ్వు సెయ్యగలిగింది సెప్పు. సెయ్యలేనిది కూడా సెప్పు, కానీ ఇసుక్కోకు. ఆ తరవాత ఎటెల్లాలో దారి సూపించు. మడిసి నీ దగ్గర్నించి కదిలీటప్పుడు ఏదో ఒక దారి తెలిసుండాల."

"అందరికీ ఒకటే పంపితే మిషన్లాగ ఉండదా?"

"సివర్న ఒక్క వాక్యం ఆ మడిసి కోసమే రాయి. అది సాలు."

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని రాశాం. నేను రాసిన మొదటిది సైన్‌బోర్డులా ఉంది: 'ఉద్యోగాలు అడగరాదు.' వదిన దాన్ని కొట్టేయించింది. 'కోపంగా ఉన్నప్పుడు రాసీదే రాత్తన్నావు' అంది. చివరికి తేలింది ఇదీ:

'నమస్తే. వీడియో చూసి రాసినందుకు సంతోషం. పని రోజుల్లో ఫోన్ చూడలేను, ఆదివారం మధ్యాహ్నం అందరికీ జవాబిస్తాను. ఒక మెసేజీలో ఒక ప్రశ్న అడగండి: ప్లేటు మందం, రాడ్డు, కరెంటు ఎంత, ఎక్కడ తప్పుతోంది రాస్తే సరిగ్గా చెప్పగలను. ఉద్యోగాలు ఇప్పించడం నా చేతిలో లేదు. ఫోటో చూసి వెల్డింగ్ పాసో ఫెయిలో చెప్పను, లోపలిది ఫోటోలో కనబడదు. కళ్ళు మండుతుంటే నా జవాబు కోసం ఆగకండి, దుంప ముక్కలూ గట్రా పెట్టకండి, కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మీ పని బాగుండాలి.'

దాన్ని ఫోన్‌లో దాచుకున్నాను. ఎవరు రాసినా అది అతికించి, కింద వాళ్ళ కోసం ఒక్క వాక్యం. ఆదివారం పని తొందరగా తెమిలిపోయేది. పప్పు కూడా బాగుండేది. విచిత్రం ఏమిటంటే, చాలామంది దాన్ని గౌరవించారు. ప్లేటు మందం, కరెంటు అన్నీ రాసి ఒకే ప్రశ్న అడిగేవాళ్ళు. సగంమందికి ఆ వివరాలు రాస్తున్నప్పుడే తప్పు ఎక్కడుందో దొరికిపోయేది.

ఆ తర్వాత భీమిలి నుంచి ఒక అమ్మాయి గొంతు వచ్చింది. రాయలేదు, మాట్లాడి పంపింది.

"అక్కా, నాను రొయ్యల కంపినీలో పని సేసీదాన్ని. ఐసు నీళ్ళల్లో సేతులు పెట్టీ పెట్టీ ఏళ్ళు ఒంగట్లేదు. ట్రైనింగ్‌లో వెల్డింగ్ నేర్సుకున్నాను. ఒకసారి ఉజ్జోగం టెస్ట్ ఫెయిలయ్యాను. మళ్ళీ ఇంకో సోట ఉంది. ఈ తడవ కూడా పోతే మళ్ళీ రొయ్యలకే ఎల్లమంటన్నారు ఇంట్లో. ఫోటో పెడతన్నాను. పాసవుతాదా లేదా, ఒక్క మాట సెప్పక్కా."

టెస్ట్ ఎక్కడో కూడా చెప్పింది. అది మా షాపే. ఆ సంగతి ఆ అమ్మాయికి తెలియదు, వీడియోలో నా వెనక ఇనుము తప్ప ఇంకేమీ కనబడదు.

ఫోటో చూశాను. పైకి చక్కగా ఉంది. 'పాస్' అని రెండక్షరాలు రాస్తే ఆ పిల్ల ఆ రాత్రి నిద్రపోతుంది. లేదా ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్ళి మా ఊరి వైపు పిల్లే, కాస్త చూడండి అనొచ్చు. ఆయన వినే మనిషి కాదనుకోండి. అయినా నోరు దురద పెట్టింది. ఆ ఒంగని వేళ్ళే కళ్ళ ముందు కదిలాయి.

దాచుకున్న జవాబే అతికించాను. కింద ఆమె కోసం ఇలా రాశాను: 'ఆ ముక్కని అడ్డంగా పట్టీలాగ కోసి, రెండువైపులా నున్నగా గ్రైండ్ చేసి, రూట్ వైపు బయటికి వచ్చేలా వైస్‌లో బిగించి వంచి చూడు. పగిలితే, వెల్డింగ్ నడుస్తుంటే రెండు ప్లేట్ల మధ్య సందు దగ్గరకి లాక్కుపోతోందేమో కనిపెట్టు.' రూట్ అంటే అన్నిటికంటే అడుగున వేసే మొదటి వరస. అది సరిగ్గా కరిగి అతుక్కోకపోతే పైన ఎన్ని వరసలు పోసినా దండగే.

వెంటనే మళ్ళీ గొంతు వచ్చింది, ఈసారి మంటగా.

"ఒక్క మాట సెప్పడానికి ఇన్ని రూల్సేటక్కా? పేద్దోలైపోయారు మీరు. నా బతుకు మీకు ఫోటోయేనా?"

చెప్పానుగా, నాకు కోపం ఎక్కువని. వేళ్ళు అప్పటికే తిట్టు టైపు చేస్తున్నాయి. అదంతా చెరిపేసి, ఫోన్ బోర్లా పెట్టి, బట్టలు ఉతకడానికి కూర్చున్నాను. ఆ రోజు ఉతికిన బట్టలకి నా చేతుల్లో కనికరం దొరకలేదు. ఆరేసి వచ్చి ఒక్కటే రాశాను: 'నీ బతుకు కాబట్టే ఫోటో చూసి చెప్పడం లేదు. వంచి చూడు తల్లీ.'

జవాబు రాలేదు. మర్నాడు షాపుకి వెళ్ళగానే మా ఫోర్‌మెన్‌కి చెప్పేశాను, టెస్ట్‌కి వచ్చే వాళ్ళలో ఒక అమ్మాయి నన్ను సలహా అడిగింది, ఆ రోజు నన్ను టెస్ట్ దగ్గర వెయ్యొద్దు అని. "ఏటప్పా, నువ్వేటి సుట్టానివా?" అని నవ్వాడు గానీ వేరే పనిలోనే వేశాడు.

టెస్ట్ రోజు కాస్త ఎడంగా, నా పని దగ్గర నుంచే చూశాను. ఎవరో చెప్పక్కర్లేదు, వచ్చినవాళ్ళలో ఆడపిల్ల ఒక్కతే. గ్లవ్స్ తొడుక్కునేటప్పుడు ఒక్కో వేలూ ఇంకో చేత్తో సర్దుకుంది. ప్లేట్లు జత చేశాక సందులో కొలిచే గేజ్ పెట్టి కింద చూసింది, పైన చూసింది. పైవైపు ఒక వెంట్రుకవాసి ఎక్కువ వదిలి, ప్లేట్లు కదలకుండా చివర్ల గట్టిగా టాక్ వేసింది. పైన ఎక్కువ వదలమని నేను చెప్పలేదు. సందు లాక్కుపోతుందేమో కనిపెట్టు అన్నానంతే. ఎంత వదిలితే సరిపోతుందో ఆమే కనిపెట్టుకుంది.

వెల్డింగ్ అయ్యాక పట్టీలు కోసి, వాటిని వంచి చూసే బెండ్ మిషన్ దగ్గరికి తెచ్చేసరికి నా చేతిలో గ్రైండర్ ఊరికే తిరుగుతోంది. ఆపేసి నిలబడ్డాను. ఫోర్‌మెన్ తిడితే తిట్టనీ అనుకున్నాను. మిషన్ నెమ్మదిగా నొక్కింది. ఇనుప పట్టీ తలవంచి, గుర్రపునాడాలా అయింది. ఆ అమ్మాయి కళ్ళు మూసుకుంది. ఇన్‌స్పెక్టర్ వంపు మీద వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకి లాగాడు. లైటు కింద పెట్టి చూశాడు. మళ్ళీ లాగాడు. ఎక్కడా చీలిక లేదు. రెండోదీ అంతే.

"పాస్," అన్నాడు. తర్వాత, ఆయన ఎవరినీ అడగని ప్రశ్న అడిగాడు. "రూట్ బాగా వేశావు. ఎవరు నేర్పారమ్మా?"

నా పేరు ఆమెకి తెలియదు, వీడియోలో అక్క అంటుంది కాబోలు అనుకున్నాను. ఆ మాట వినాలని ఆశ పడ్డానని దాచడం దేనికి?

ఆ పిల్ల కళ్ళు తెరిచి, వంగిన పట్టీని రెండు చేతులతో తీసుకుంది.

"ట్రైనింగ్‌లో నేర్పారు సార్. కానీ తప్పెక్కడో మాత్రం నానే సూసుకున్నాను. ఒంచి, ఇరిగితే మళ్ళీ ఏసి, మళ్ళీ ఒంచి సూసుకున్నాను," అంది.

అలా అంటున్నప్పుడు ఆమె తల ఎత్తి ఉంది. మొదటిసారి నా చేతి వెల్డింగ్ పాసైన రోజున కూడా నాకు అంత గర్వం కలగలేదు. హెల్మెట్ ముఖం మీదికి లాక్కున్నాను, తడిసిన కళ్ళు దాచుకోవడానికి అదొక్కటే చోటు.