కోతలు పోను మిగిలిన జీతం

మా బట్టల షాపులో ఎవరినైనా జీతం ఎంతని అడిగితే అంకె చెప్పరు. "కోతలు పోను చూడాలండి" అంటారు. రాజమండ్రిలో పెద్ద షాపే మాది. జీతాల లెక్క నా చేతిలో ఉంటుంది. పీఎఫ్, ఈఎస్ఐ కోతలు చట్టం ప్రకారం పోతాయి, వాటితో నాకు పేచీ లేదు. మూడో కోత మాత్రం మా షాపు సొంతం. స్టాఫ్ ఎవరైనా కాస్త తగ్గింపు ధరకి ఖాతా మీద బట్టలు తీసుకోవచ్చు, ఆ సొమ్ము తర్వాతి జీతంలో కోసేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ పొద్దున్నుంచి ఒక చీరని భుజాన వేసుకుని వచ్చినవాళ్లందరికీ చూపించే పిల్ల, సాయంత్రానికి ఆ చీరని వదల్లేకపోతుంది. తను అమ్మాల్సిన చీరని తనకే అమ్ముకుంటుంది.

ధవళేశ్వరం నుంచి ఒక అమ్మాయి కొత్తగా చేరింది. ఇంటర్ పాసై, ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చదవాలని పట్టుదలగా ఉంది. ఇంట్లో ఫీజు కట్టే స్తోమత లేదు. ఒక ఏడాది పనిచేసి ఆ ఫీజు కూడబెట్టుకుంటానని మొదటి రోజే నాతో చెప్పింది. మొదటి జీతం ప్రథమ ఫలమని చర్చిలో ఇచ్చేసింది. అది వాళ్ల నమ్మకం, నేను నోరెత్తలేదు. రెండో జీతం పడ్డ రోజు మాత్రం ఫోన్ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడం, నాకు సగమే పడిందండి. మిగతాది రేపు వేస్తారాండీ?"

స్లిప్ తీసి చూపించాను. అమ్మకి ఒక చీర, నాయనమ్మకి ఒకటి, ఇద్దరు పిన్నులకీ చెరొకటి. అన్నీ ఆ నెలలోనే తీసుకుంది.

"అవి డబ్బులిచ్చి కొనలేదు కదండీ" అంది.

నాకు ఒళ్లు మండింది. పూర్తిగా ఆ పిల్ల మీదే కాదు. పర్సులోంచి నోటు తీస్తే ఎవరికైనా చెయ్యి వెనక్కి లాగుతుంది. సంతకం పెట్టి తీసుకుపోతే ఆ నొప్పి ఉండదు. అది తెలిసే ఆ పద్ధతి పెట్టారేమో అనిపించింది. మధ్యాహ్నం డబ్బాలో అన్నం సగంలో వదిలేసి, స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో వరసగా రాసుకుంటూ పోయాను.

"కొత్తగా జీతం అందుకుంటున్న పిల్లలందరికీ. ఒకటి: నెలాఖరున మిగిలింది దాచుకుందామనుకోకండి. మిగలదు. జీతం అయిదున పడుతుంది కాబట్టి ఏడో తారీకున దానంతటదే నెలనెలా కట్టే ఆర్‌డీలోకి పోయేలా బ్యాంకులో చెప్పి రండి. కొద్ది మొత్తమైనా ఫరవాలేదు, వాయిదా మాత్రం తప్పకూడదు, తప్పితే జరిమానా వేస్తారు.

"రెండు: ఆపదకి దాచే డబ్బు వేరే ఖాతాలో ఉంచండి. ఆ ఖాతాని ఫోన్‌లో పేమెంట్ యాప్‌కి తగిలించకండి. బజ్జీల బండి దగ్గర స్కాన్ చేస్తే అందులోంచి పోకూడదు.

"మూడు: మన షాపులో ఖాతా మీద బట్టలు తీసుకోకండి. తగ్గింపు వస్తుందంటారు. అసలు తీసుకోకపోతే మొత్తం తగ్గుతుంది.

"నాలుగు: ఈఎస్ఐలో మీ మీద ఆధారపడిన అమ్మానాన్నల పేర్లు ఎక్కించుకోండి. కోత ఎలాగూ పోతోంది, జ్వరమొస్తే వైద్యానికి పనికొస్తుంది.

"అయిదు: ఉద్యోగం మారినా పీఎఫ్ తీసి ఖర్చు పెట్టకండి. మీ నంబరు అదే ఉంటుంది, కొత్త చోటికి మార్పించుకోండి. మీరు కట్టినంత షాపు కూడా మీ కోసం కడుతోంది. తెలియకపోతే నన్నడగండి, కసురుతాను గానీ చెబుతాను."

ఆ గ్రూపులో షావుకారు గారు కూడా ఉన్నారు. తెలిసే రాశాను. గుడ్ మార్నింగ్ పువ్వులకి సైతం చప్పట్లు కొట్టే గ్రూపు ఆ రోజు చడీచప్పుడు లేకుండా ఉండిపోయింది.

సాయంత్రం ఆయన పిలిచారు. "ఏంటమ్మా ఇది? మన కూడు తింటూ మన షాపు మీదే రాతలా?"

"షాపు మీద కాదండి, కోత మీద."

"ఆ మూడోది తీసెయ్యండి. మిగతావన్నీ బాగున్నాయి."

ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? అయినా గొంతు తగ్గించలేదు. "తీస్తే అయిదూ తీసేస్తానండి. ఎందుకు తీశానో ఆరోదిగా రాస్తాను."

"మరి క్రిస్మస్‌కి ఎవరూ బట్టలు తీసుకోకపోతేనో?" అన్నారు.

"డబ్బులిచ్చి తీసుకుంటారండి. ఎంత కావాలో అంతే తీసుకుంటారు."

ఆయన వెళ్లమన్నట్టు చెయ్యి ఊపారు. మెసేజ్ తీయలేదు, ఉద్యోగం పోలేదు. ఆ నెల మా ఇద్దరి మధ్యా లెక్కలు తప్ప వేరే మాట లేదు.

ఆ అమ్మాయి తొమ్మిది నెలల ఆర్‌డీ తెరిచింది. తెరవడం ఎవరైనా చేస్తారు. అసలు పరీక్ష డిసెంబరులో వచ్చింది. పండగకి ఇంటిల్లిపాదికీ కొత్త బట్టలు కావాలి. కూతురు బట్టల షాపులో చేస్తోందని వీధంతా చెప్పుకున్న తల్లి, ఈసారి జరీ అంచు తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్లాలని ఆశపడింది. సరిగ్గా అలాంటి చీరనే ఆ పిల్ల వారం రోజులు భుజాన వేసుకుని అందరికీ చూపించింది. ఖాతాలో రాయించెయ్యమని కౌంటర్ సూపర్‌వైజర్ కూడా అన్నాడు.

ఆమె చీర మడిచి అరలో పెట్టేసి నా దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మేడం, షాపులో నా ఖాతా మూసేయండి."

"నోటితో మూసిందాన్ని నోటితోనే తెరుస్తావు. రాసివ్వు."

రాసిచ్చింది. పండక్కి నాయనమ్మకి మాత్రం ఒక నేత చీర డబ్బులిచ్చి కొంది. తల్లి పాత చీరే ఉతికి ఇస్త్రీ చేయించుకుని చర్చికి వెళ్లింది. కొత్త సంవత్సరం దాకా కూతురితో సరిగ్గా మాట్లాడలేదట. నాకు బాధగానే ఉంది, నేను రాసిన మూడో మాట ఒక తల్లిని నొప్పించింది. అయినా వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

జూన్‌లో ఆర్‌డీ గడువు తీరింది. దానికి చేతిలో ఉన్నది కలిపితే ఫీజుకి సరిపోయింది. కాలేజీ రసీదు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఆ రోజు నేను కసరలేదు.

పని మానేసి వెళ్లేవాళ్లకి షావుకారు గారు చేత్తో ఒక చీర పెట్టి పంపడం మా షాపు ఆనవాయితీ. ఆమెకి ఎర్ర పట్టుచీర ఇచ్చారు. ఆమె అందుకోకుండా అడిగింది, "సార్, ఇది కోతలో పడదు కదండీ?"

అందరూ గొల్లుమన్నారు. ఆయన మాత్రం నా వైపు ఒక చూపు చూసి, "పడదమ్మా. ఆ మూడోది నేనూ చదివాను" అన్నారు.

"అయితే, ఇది మార్చుకోవచ్చాండీ?"

ఆయన తలూపారు. ఆమె తన పాత కౌంటర్‌కి వెళ్లి, ఎవరినీ అడగకుండా, డిసెంబరులో మడిచిపెట్టిన అరలోంచి జరీ అంచు తెల్లచీర తీసింది.

"మా అమ్మకండి" అంది.