నలభై రోజుల రికవరీ

విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీ హెడ్డాఫీసులో నేను పదకొండేళ్లు జీతాల సెక్షన్ చూశాను. మా పైన ఒకాయన ఉండేవాడు. పాఠం చెప్పడం మానేసి చాలా ఏళ్లయినా తలుపు మీద డీన్ అని బోర్డు పెట్టించుకున్నాడు. ఎవరైనా లెక్చరర్ రాజీనామా ఇస్తే, తన ఇంట్లో దొంగలు పడ్డట్టు మొహం పెట్టేవాడు.

ఒక ఏడు మా కెమిస్ట్రీ మేడం రాజీనామా ఇచ్చింది. రోజూ పామర్రు నుంచి బస్సులో వచ్చే మనిషి. గుడివాడ దగ్గర వేరే కాలేజీలో చేరబోతోంది. మా అపాయింట్‌మెంట్ ఆర్డర్ ప్రకారం తొంభై రోజుల నోటీసు. ఆవిడ యాభై రోజులు పాఠాలు చెప్పింది. యాభయ్యో రోజు సాయంత్రం డీన్ గారు స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు: రేపటి నుంచి ఆ క్లాసులు వేరే సార్ తీసుకుంటారు, మేడం‌ని రిలీవ్ చేశాం, క్యాంపస్‌కి రానక్కర్లేదు. పిల్లలు ఆవిడ వెనకే గుడివాడ వెళ్లిపోతారని ఆయన బెంగ.

రెండ్రోజులకి నన్ను గదిలోకి పిలిచారు.

"మేడం నోటీసుకి నలభై రోజులు తగ్గింది. ఆ జీతం ఆవిడ దగ్గర రికవరీ వెయ్యండి. గ్రాస్ మీద వెయ్యండి."

"ఆర్డర్‌లో బేసిక్, డీఏ మీదనే ఉందండీ," అన్నాను.

"ఆర్డర్ ఎవరు చదువుతారమ్మా?"

ఆర్డర్లు రాయించింది ఆయనే. చదవరని ఆయనకి అంత నమ్మకం ఎలా కలిగిందో తెలుసు, ఆయనే ఎప్పుడూ చదవలేదు.

నేను సీటుకొచ్చి లెక్క వేశాను. ఆవిడ గ్రాస్, అన్నీ కలిపిన నెల జీతం, అరవై వేలు, అంటే రోజుకి రెండు వేలు, నలభై రోజులకి ఎనభై వేలు. బేసిక్, డీఏ కలిపితే ముప్పై వేలే, కాబట్టి నలభై వేలు. వాడుకోని సెలవులు పన్నెండు ఉన్నాయి. ఆర్డర్ ప్రకారం వాటిని నోటీసులో సర్దితే ఇరవై ఎనిమిది రోజులే మిగులుతాయి, ఇరవై ఎనిమిది వేలు. ఒకే మనిషికి మూడు అంకెలు. ఆయన అడిగింది మొదటిది. నేను మొదటిదే టైపు చేసి ఇచ్చాను. ఇప్పటికీ ఆ కాగితం తలుచుకుంటే నా మీద నాకే చిరాకు.

ఆ వారంలోనే మేడం వచ్చింది. డిగ్రీ, పీజీ ఒరిజినల్ సర్టిఫికెట్లు మా బీరువాలో ఉన్నాయి. చేరేటప్పుడు అందరి దగ్గరా తీసుకోవడం మా వాళ్ల అలవాటు. డీన్ గారు నా షీటు ఆవిడ ముందుకి తోశారు.

"ఇది కట్టేయండి మేడం. సర్టిఫికెట్లు తీసుకెళ్లండి."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని నెమ్మదిగా చదివింది. "మానేసింది నేను కాదు కదండీ. రావద్దన్నది మీరు," అని ఫోను తీసి ఆ మెసేజ్ చూపించింది.

"రిలీవ్ అన్నది క్లాసుల నుంచి మేడం. ఉద్యోగం నుంచి కాదు," అన్నారాయన, పిల్లలకి ఫార్ములా చెప్తున్నట్టు.

"అలాగా. అయితే నా నోటీసు ఇంకా నడుస్తోందన్న మాట. రేపట్నుంచి వస్తానండీ. క్లాసు లేకపోతే స్టాఫ్ రూములో కూర్చుంటాను. డౌట్లు ఉన్న పిల్లలు వస్తారు, చెప్తాను. ఈ మిగిలిన రోజులకి జీతం మాత్రం వెయ్యమనండి."

ఆయన మొహంలో రంగు మారింది. పిల్లలు స్టాఫ్ రూము ముందు మూగడం ఆయన కళ్ల ముందు కదిలినట్టుంది. నా వైపు తిరిగారు, ఏదో ఒక రూలు అందిస్తానని.

అప్పుడు నోరు తెరిచాను. "మనమే ముందు పంపించేశాం సార్. రికవరీ రాదండి. షీటు తప్పు, నేను మార్చి తెస్తాను."

ఆయన పెన్ను మూత తీశారు, పెట్టారు, మళ్లీ తీశారు. చివరికి మిగతా నోటీసు మేనేజ్‌మెంటే వదులుకుందని రాసి సంతకం పెట్టారు. అంత గజిబిజిగా సంతకం ఆయన ఎప్పుడూ పెట్టలేదు. పనిచేసిన రోజుల జీతం, పన్నెండు సెలవుల డబ్బు కలిపి కొత్త షీటు చేశాను. మిగిలిన రోజుల జీతం కోసం పేచీ పెట్టే ఓపిక తనకి లేదంది మేడం. బీరువా తాళం తీసి సర్టిఫికెట్లు ఇస్తుంటే, "ముందు షీటు కూడా మీరే చేశారా?" అని అడిగింది.

"అవునండీ."

ఆవిడ సర్టిఫికెట్ల కవరు సంచిలో పెట్టుకుని బస్టాండుకి ఆటో మాట్లాడుకుంది.

మర్నాడు డీన్ గారు నాకు కొత్త పని చెప్పారు. ఎవరు పంపించినా, ఎప్పుడు పంపించినా, పూర్తి నోటీసు జీతం ఉద్యోగి దగ్గరే వసూలు చెయ్యాలని ఆర్డర్‌లో ఒక క్లాజు చేర్చాలట. చెప్పినట్టే టైపు చేసి మా లాయరు గారికి పంపాను. ఆయన ఆ పేరా మొత్తం ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన ఏమీ రాయకుండా వెనక్కి పంపారు. డీన్ గారు దాని అర్థం నన్ను అడగాల్సి వచ్చింది.