శనివారం నాటి కిరాణా లెక్క

మా ప్రార్థన మందిరం పైకప్పు సగం రేకులు పడి, సగం ఆకాశానికి వదిలేసి ఉన్న రోజులవి. మబ్బులు పట్టేసరికి నాకు నీరసం వచ్చేది. కప్పు కోసం వచ్చిన డబ్బంతా మా స్త్రీల సంఘం ఖాతాలో ఉండేది. ఆ ఖాతా చూసేది నేను.

డబ్బులో ఎక్కువ భాగం హైదరాబాదులో కట్టుబడి పనులకు పోయిన మా ఊరివాళ్లు పంపినదే. అక్కడ పోగుచేసేది మా చిన్నాయన కొడుకు. మిగతా సగానికి డబ్బు అడిగితే ఫోన్లో ఒకటే మాట అన్నాడు.

"అక్కా, నేను నిన్ను అనుమానించడంల్యా. ఈడ పది మంది పది రకాలుగా అంటాండారు. ఆదివారం లోపల దేనికెంతయిందో పట్టీ పంపు. పంపితే ఆ పొద్దే డబ్బు ఏస్తా."

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే వాక్యం చదివిస్తూ అక్షరాలు నేర్పినాడు. ఆ రుణం ఎప్పటికీ తీరదు. కానీ బ్యాంకు స్టేట్‌మెంటు చూస్తే కళ్లు తిరిగాయి. ఒక వరుసలో తేదీ, దాని కింద తెగిపోయిన సగం పేరు, పక్కన రెండు అంకెలు.

మా కోడలు ఫోన్లో ఏఐ తెరిచి ఇచ్చి పొలానికి పోయింది. ఖాతా నంబరు, పేర్లున్న పైభాగం వదిలేసి, మిగతా వరుసలన్నీ కాపీ చేసి అందులో పెట్టాను. కింద తెలుగులోనే రాశాను: "చివరి అంకె ఖాతాలో మిగిలింది, దాన్ని ఖర్చులో కలపవద్దు. వచ్చిన డబ్బు వేరు, పోయిన డబ్బు వేరు. తేదీ, మొత్తం, దేనికి అన్నది పట్టీగా వెయ్యి. రకానికెంతో కింద కూడు."

వేసి ఇచ్చింది. ఇనుము, రేకులు ముప్పై ఎనిమిది వేల నాలుగు వందలు. సిమెంటు, ఇసుక తొమ్మిది వేల ఆరు వందలు. ఆటో బాడుగ రెండు వేల అయిదు వందలు. కిరాణా సరుకులు పద్దెనిమిది వేల మూడు వందలు. మొత్తం అరవై ఎనిమిది వేల ఎనిమిది వందలు. వచ్చిన డెబ్బై అయిదు వేలలోంచి తీసేస్తే, ఖాతాలో ఉన్న ఆరు వేల రెండు వందలకు సరిగ్గా సరిపోయింది. దేవునికి స్తోత్రం అనుకుని ఫోను పక్కన పెట్టబోయి, ఆగిపోయాను.

పద్దెనిమిది వేలకు కిరాణా! కూలి అన్న మాటే పట్టీలో లేదు.

తప్పు యంత్రానిది కాదు. స్టేట్‌మెంటులో దుకాణం పేరే ఉంది మరి. కప్పు పని చేసే మేస్త్రి ఖాతాలో డబ్బు పడితే చాలు, పాత లోను కంతు కింద బ్యాంకు పట్టుకునేది. అందుకని శనివారం శనివారం కూలి డబ్బు అంగడాయన స్కానరుకు కొట్టేదాన్ని. ఆయన మేస్త్రి చేతికి నోట్లు ఇచ్చేవాడు, మేస్త్రి కూలీలకు పంచేవాడు. మా ఊళ్లో ఇది మామూలే. హైదరాబాదులో ఈ పట్టీ చూసినవాళ్లకు మాత్రం, మేము కప్పు డబ్బుతో బియ్యం, నూనె తిన్నట్టే ఉంటుంది.

కారణం రాస్తే మేస్త్రి అప్పు పది మందిలో పడుతుంది. రాయకపోతే మందిరం తడుస్తుంది. కాళ్లు లాగుతున్నా మేస్త్రి ఇంటికి పోయాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"నీ లోను మాట రాయకుండా ఎట్ల చెప్పాలో తోచడంల్యా, తమ్ముడూ."

ఆయన నవ్వినాడు. "నా లోను సంగతి తెలియనిది ఈ ఊళ్లో మేకలకే అక్కా. కంతు మాటెందుకు? అంగడి మీదుగా కూలి తీసుకున్నా అని నేనే రాసిస్తా, తీసుకున్నోన్ని నేనే గదా. కాయితం పట్రా."

నాలుగు శనివారాలకూ వారానికి నాలుగు వేల రెండు వందలు చొప్పున ముట్టినట్టు రాసి సంతకం పెట్టినాడు. చేతికి అంటిన సిమెంటు కాయితానికీ అంటింది.

ఇంటికొచ్చి ఏఐకి మళ్లీ రాశాను: "ఆ దుకాణం వరుసల్లో శనివారం తేదీవి నాలుగూ కూలి కింద వెయ్యి. మిగతావి పనివాళ్ల టీకి." కూలి పదహారు వేల ఎనిమిది వందలు, టీ ఖర్చు పదిహేను వందలు అయింది. నమ్మకం చాలక వేళ్ల మీద కూడుకున్నాను. పెద్ద మొత్తం కదల్లేదు.

పట్టీ, మేస్త్రి కాయితం ఫొటో కలిపి ఆదివారం ఆరాధనకు ముందే పంపాను. ప్రార్థన మధ్యలో కూడా మనసు ఫోను మీదే ఉంది, ప్రభువు క్షమించాలి. బయటికొచ్చాక హైదరాబాదు నుంచి చిన్నాయన కొడుకు ఫోను చేసినాడు.

"కూలి సరే అక్కా. టీకి పదిహేను వందలా? చక్కెర ఎక్కువేసినావా ఏంది?"

"నువ్వొచ్చి రేకులు మోయి, నీకూ పోస్తా."

అవతల ఒకేసారి చాలామంది నవ్వు వినిపించింది. అందరూ పక్కనే ఉండి వింటున్నారన్నమాట. సాయంత్రానికి డబ్బు పడింది. మేస్త్రికి కబురు పంపి, స్తోత్రం చెప్పుకుని, చాప వేసుకుని పడుకున్నాను. అలసటలో అన్నం సంగతే మరిచిపోయాను.